కలలో సహోద్యోగి మీద ప్రేమ: మనసులో ఉన్నట్టా, లేనట్టా?

క్యాష్‌కౌంటర్ (సోమవారం, రాత్రి 10:12)

పెళ్లయి ఏడేళ్లు, బ్యాంకు ఉద్యోగం. మా బ్రాంచిలోనే పనిచేసే ఒకాయన్ని మొదటి రోజు నుంచీ 'అన్నయ్యా' అనే పిలుస్తాను. ఆయన భార్య కూడా నాకు బాగా తెలుసు. మార్చి క్లోజింగ్ హడావిడి అయ్యాక ఆయన కలలోకి వచ్చారు. ఎలా వచ్చారో పూర్తిగా రాయలేను, ప్రేమికుల మధ్య ఉండే దగ్గరితనం అనుకోండి. లేచాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక ఆ ఆలోచనే రానివ్వకూడదని గట్టిగా అనుకున్నా. లంచ్ టైము మార్చుకున్నా. పడుకునే ముందు దణ్ణం పెట్టుకుని మరీ పడుకున్నా. అయినా పది రోజుల్లో ఇంకో రెండుసార్లు వచ్చింది.

మూడుసార్లు వచ్చిందంటే నాకే తెలియని కోరిక ఏదో లోపల ఉన్నట్టేనా? ఓదార్పు వద్దు, కారణం తెలిసినవాళ్లు చెప్పండి.

మామిడల్లం (సోమవారం, రాత్రి 10:40)

నిప్పు లేందే పొగ రాదమ్మా. ఊరికే అంటున్నాననుకోకు, ఒక్కసారి వస్తే పిచ్చి కల అనుకోవచ్చు, మూడుసార్లా? అందులోనూ తెల్లవారుజామున వచ్చిందా? ఆ వేళ వచ్చిన కలకి బలం ఎక్కువని మా పెద్దవాళ్లు అనేవాళ్లు.

నైట్‌షిఫ్ట్_నాని (సోమవారం, రాత్రి 11:55)

అంటే ఆయనకి మీ మీద ఏదో ఉందని సంకేతమా? మనల్ని ఎవరైనా బాగా తలుచుకుంటే వాళ్లు మన కలలోకి వస్తారని విన్నాను. జాగ్రత్తగా ఉండండి మేడమ్.

క్యాష్‌కౌంటర్ (మంగళవారం, ఉదయం 6:20)

నాని గారూ, ఆయన సంగతి కాదు. ఆయన పాపం ఏమీ ఎరగరు. నా సంగతే అడుగుతున్నాను.

నిద్రశాల (మంగళవారం, ఉదయం 7:05)

నిద్ర పరీక్షలు చేసే ల్యాబులో పన్నెండేళ్లుగా టెక్నీషియన్‌ని. రాత్రంతా తలకి తీగలు అతికించి, జనం ఎప్పుడు కలలో ఉన్నారో తెర మీద చూడటమే నా పని. జవాబు చెప్పేముందు కొన్ని వివరాలు కావాలి. మొదటి కల ఏ వారం, ఏ వేళ? ముందు రోజుల్లో ఎన్ని గంటలు నిద్రపోయారు? కలకి ముందు వారంలో ఆయనతో మామూలుగా ఉండని సంఘటన ఏదైనా జరిగిందా? కలలో ఆయన ముఖం స్పష్టంగా కనిపించిందా, లేక 'ఆయనే' అని తెలిసిందా? అన్నిటికంటే ముఖ్యం, ఏం జరిగిందన్నది వదిలేసి, ఏమనిపించిందో ఒక్క మాటలో చెప్పండి.

క్యాష్‌కౌంటర్ (మంగళవారం, మధ్యాహ్నం 1:48)

ఆదివారం. అలారం పెట్టుకోలేదు, ఎనిమిదింటికి లేచాను, లేచేముందే కల. అంతకుముందు రెండు వారాలు ఇంటికి చేరేసరికి పది, పడుకునేసరికి పన్నెండున్నర, లేచేది ఐదున్నరకి. ఆ ముందు సోమవారం ఒక సంఘటన జరిగింది. ఒక వోచర్ తేడా వచ్చి మేనేజరు కస్టమర్ల ముందే నా మీద అరిచారు. అన్నయ్య సీట్లోంచి లేచి వచ్చి, 'ఆ ఎంట్రీ నేను చూశాను సార్, పొరపాటు నాది' అన్నారు. ఆయన పొరపాటు కాదది.

కలలో చోటు మా భోజనాల గది. నా క్యారియర్ ఆయన చేతిలో ఉంది. ముఖం సరిగ్గా గుర్తులేదు, ఆయనే అని తెలుసు. గొంతు మాత్రం మావారిది, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. ఏమనిపించిందంటే... నిశ్చింత. ఎవరో నా పక్కన ఉన్నారన్న నిశ్చింత.

నిద్రశాల (మంగళవారం, రాత్రి 9:30)

మీ జవాబులోనే చాలావరకు ఉంది. మొదటి కలనీ తర్వాతి రెండింటినీ విడదీసి చూడాలి. వాటికి కారణాలు వేరు. ఇవాళ మొదటిదే చెబుతాను.

నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా నడుస్తుంది. ఒక్కో చుట్టు చివర కళ్లు రెప్పల కింద గబగబా కదిలే దశ వస్తుంది, రెమ్ నిద్ర అంటాం. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లీట్‌మన్ దీన్ని లోకానికి చెప్పారు. కథలా సాగే కలలు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. రాత్రి మొదటి చుట్టులో ఈ దశ కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లారేకొద్దీ పొడుగవుతూ ఆఖరి చుట్టులో అరగంట కూడా నడుస్తుంది. మీరు రెండు వారాలు ఐదున్నరకే లేచారు కాబట్టి రోజూ కోత పడింది ఈ ఆఖరి ముక్కకే. ఆదివారం అలారం లేకుండా ఎనిమిది దాకా పడుకున్నారు. ఒంటికి బాకీ పడ్డ రెమ్ నిద్ర అప్పుడు వడ్డీతో సహా వస్తుంది. అలాంటి పొద్దున కల పొడుగ్గా, గాఢంగా ఉంటుంది. పైగా అందులోంచే నేరుగా మెలకువ వచ్చింది కాబట్టి గుర్తుండిపోయింది. తెల్లవారుజాము కలకి బలం ఎక్కువన్న మామిడల్లం గారి మాటలో పరిశీలన తప్పు కాదు, ఆ కలలు నిజంగానే బలంగా ఉంటాయి. నిజమవుతాయని తీర్పు చెప్పడం దగ్గరే పేచీ.

తర్వాత, ఆయనే ఎందుకు? సోమవారం జరిగింది ఆదివారం కలలోకి వచ్చింది, అంటే ఆరు రోజులు. కలలోకి వచ్చే సంగతులు రెండు విడతల్లో వస్తాయని 1989లోనే కెనడాలో నీల్సన్, పావెల్ చూపించారు. అదే రోజో మర్నాడో ఒక విడత, మధ్యలో తగ్గి, ఐదు నుంచి ఏడు రోజులకి రెండో విడత. మనుషుల మధ్య జరిగిన విషయాలు ఈ రెండో విడతలో తరచు కనిపిస్తాయి. అందుకే కల రాగానే 'నిన్న ఏం జరిగింది' అని మాత్రమే వెతికితే కారణం దొరకదు. దొరక్కపోయేసరికి 'ఏ కారణమూ లేకుండా వచ్చింది, అంటే లోపలే ఏదో ఉంది' అనిపిస్తుంది. నేను తరచు చూసే పొరపాటు ఇది.

ఇక ప్రేమ వేషం ఎందుకు? రెమ్ నిద్రలో మెదడులో ఉద్వేగాల భాగం చాలా చురుగ్గా ఉంటుంది. 'ఇది సబబా, ఈయన ఎవరు, నాకు ఏమవుతారు' అని తూకం వేసే నుదుటి వైపు భాగం మందగిస్తుంది. నలుగురి ముందు అవమానం జరిగినప్పుడు ఒకరు అండగా నిలిచారు. ఆ నిశ్చింతని బొమ్మ కట్టాలంటే మీ జీవితంలో దానికి బాగా అలవాటైన రూపం ఏది? భర్త దగ్గరితనం. అందుకే మనిషి ఆయన, గొంతు మీవారిది. రెండు ముక్కలు కలిపి కుట్టిన బొంత అది.

ఓరుగల్లు_పిల్ల (మంగళవారం, రాత్రి 10:15)

మీరు మంచిగనే చెప్పిన్రు గానీ ఒక్కటి అడుగుత. మనసుకి సరే, ఒంటికి గూడ తెలుస్తది కదా? లేచినంక ఒళ్లు అట్లనే ఉంటది. ఆ మాట ఎవరూ పైకి అనరు, సిగ్గు. ఒళ్లు అబద్ధం చెప్తదా?

నిద్రశాల (మంగళవారం, రాత్రి 10:50)

మంచి ప్రశ్న. ఎక్కువమందిని భయపెట్టేది ఇదే, అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

రెమ్ నిద్ర మొదలవగానే కల ఏదైనా సరే జననాంగాలకి రక్తప్రసరణ పెరుగుతుంది. మగవాళ్లలో బయటికి తెలుస్తుంది, ఆడవాళ్లలో కొలిస్తే తెలుస్తుంది. పరీక్ష తప్పినట్టు కల వచ్చినా, పాము తరిమినట్టు వచ్చినా అంతే. పసిపిల్లల్లో కూడా ఇది ఉంటుంది, అంటే కోరికతో పనిలేని ఏర్పాటు. మగవాళ్లలో అంగస్తంభన లోపం మనసు వల్లా, ఒంటి జబ్బు వల్లా అని తేల్చడానికి నిద్రలో కొలిచే పరీక్ష ఉన్నదే దీని ఆధారంగా. కల మీద ఆధారపడేదైతే ఆ పరీక్షకి అర్థమే ఉండదు.

కాబట్టి ఒళ్లు అబద్ధం చెప్పదు, అసలు ఆ కల గురించి ఏమీ చెప్పదు. లేచిన క్షణంలో ఒంట్లో ఆ స్థితి ఉంది, మనసులో ఒక ముఖం ఉంది. రెండింటినీ కలిపి ముడేసేది మేలుకున్నాక మనమే.

చరకం_చాలు (బుధవారం, ఉదయం 5:58)

మన పాత వైద్యగ్రంథంలో ఇది సగం ముందే ఉంది. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలు అన్నాడు. చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది, జరగబోయేదాన్ని సూచించేది, దోషాల వల్ల వచ్చేది. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలంటాడు. ఆ ఐదింటిలో 'ప్రార్థితం', అంటే కోరుకున్నది కూడా ఉంది చూడండి. కోరిక అన్నది ఏడింటిలో ఒకటే. నిజంగా కోరుకుని వచ్చిన కలకి కూడా ఆయన విలువ ఇవ్వలేదు.

తర్కం_కావాలి (బుధవారం, ఉదయం 9:12)

చరకుడు అక్కడ రోగి బతుకుతాడా లేదా అని చూడటానికి కలల్ని లెక్కలోకి తీసుకున్నాడు. 'ఫలం లేదు' అంటే జరగబోయేది చెప్పదని అర్థం. మనసులో ఉన్నది చెప్పదని ఆయన అనలేదు. ఆ శ్లోకాన్ని ఇక్కడికి లాక్కురావడం నాకు నచ్చలేదు.

చరకం_చాలు (బుధవారం, ఉదయం 9:40)

ఒప్పుకుంటా. 'సగం' అన్నది అందుకే.

డల్లాస్_బావ (బుధవారం, ఉదయం 10:03)

ఇదంతా ఎందుకండీ, కల అంటే అణచిపెట్టుకున్న కోరిక తీర్చుకోవడమేనని ఫ్రాయిడ్ 1900లోనే తేల్చాడు కదా. అణచిపెట్టుకున్నాం కాబట్టే మనకి తెలియదు. 'నాకు అలాంటిదేం లేదు' అన్నకొద్దీ ఉన్నట్టు.

నిద్రశాల (బుధవారం, రాత్రి 8:45)

బావగారూ, ఫ్రాయిడ్‌ని నమ్మినా మీ మాట నిలబడదు. ఆయన లెక్కలో కలలో పైకి కనబడే కథ అసలు కోరిక కాదు, దాన్ని దాచే ముసుగు. పైన బాహాటంగా ప్రేమ కనిపిస్తే కింద ఉన్నది అదే అని ఆయన పద్ధతిలో కూడా చెప్పలేం. ఆ ముసుగుకి గుడ్డ పగటి సంగతుల్లోంచి, ఎక్కువగా చిన్నాచితకా వాటిలోంచే వస్తుందని కూడా ఆయనే అన్నాడు. ఇక 'లేదన్నకొద్దీ ఉన్నట్టు' అన్న వాదనలో ఎవరూ ఎప్పటికీ గెలవలేరు. ఒప్పుకున్నా దోషం, కాదన్నా దోషం.

కానీ మీరన్న 'అణచిపెట్టడం' అనే మాట మాత్రం సరిగ్గా చోట పడింది. రెండో కల, మూడో కల వచ్చింది దానివల్లే.

కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న కథ మనందరికీ తెలుసు. ఆ కోతిని ప్రయోగశాలలోకి తెచ్చినవాడు డేనియల్ వెగ్నర్, కాకపోతే ఆయన దగ్గర అది తెల్ల ఎలుగుబంటి. 1987లో విద్యార్థుల్ని ఐదు నిమిషాలు దాని గురించి ఆలోచించవద్దన్నాడు, తలపుకొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. 2004లో ఆయన, సహచరులు అదే పద్ధతిని నిద్రకి పెట్టారు. పడుకునే ముందు తమకి తెలిసిన ఒక మనిషిని అనుకోమన్నారు. తర్వాత ఐదు నిమిషాలు మనసులో తిరిగేదంతా రాయమన్నారు. కొందరికి 'ఆ మనిషి గురించి ఆలోచించవద్దు' అని, కొందరికి 'ఆ మనిషి గురించే ఆలోచించు' అని, మిగతావాళ్లకి 'నీ ఇష్టం' అని చెప్పారు. పొద్దున్న లేచాక కల రాయించారు. ఆ మనిషి కలలోకి ఎక్కువగా వచ్చింది ఎవరికో తెలుసా? ఆలోచించవద్దు అన్నవాళ్లకి. ఆ మనిషి మీద ఆకర్షణ ఉన్నా, లేకపోయినా ఇది ఒకేలా జరిగింది. ఆ చివరి వాక్యం కోసమే ఈ ప్రయోగం మొత్తం చెప్పాను.

దీనికి వాళ్లిచ్చే వివరణ సులువైనదే. ఒక తలపుని రానివ్వకూడదంటే మనసు రెండు పనులు చేయాలి. ఒకటి వేరే వాటి మీద దృష్టి పెట్టడం. రెండోది, ఆ తలపు వచ్చిందా లేదా అని గుమ్మం దగ్గర కాపలా కాయడం. కాపలా కాయాలంటే ఆ మనిషి పేరు ఎప్పుడూ నాలుక చివరే ఉండాలి కదా. రెమ్ నిద్రలో మొదటి పని చేసే భాగం మందగిస్తుంది. కాపలావాడు మిగులుతాడు, వాడి చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఫోటో.

క్యాష్‌కౌంటర్ గారు చేసినవన్నీ ఇటే తోశాయి. పడుకునే ముందు 'రాకూడదు' అని దణ్ణం పెట్టుకోవడం అచ్చంగా ఆ ఐదు నిమిషాల ప్రయోగమే. లంచ్ టైము మార్చడం వల్ల రోజూ ఒంటిగంటకి ఆయన గుర్తొస్తారు, ఇంతకుముందు ఆ సమయానికి గుర్తొచ్చేది కూర. మూడుసార్లు వచ్చింది కాబట్టి కోరిక అనుకున్నారు. మూడుసార్లు వచ్చింది అసహ్యపడ్డారు కాబట్టి. ఏ సంకోచమూ లేకుంటే మొదటి కల సోమవారానికే మరుపున పడేది.

ఓరుగల్లు_పిల్ల (బుధవారం, రాత్రి 9:20)

అన్నయ్య అని పిలుస్తరు కాబట్టి ఇంకింత ఎక్కువ కాపలా. వేరే ఎవరన్న వస్తే నవ్వి ఊకుంటుండె.

నిద్రశాల (బుధవారం, రాత్రి 9:26)

అదే. వరస పెట్టి పిలిచే మన అలవాటుకి ఇదొక ఖర్చు.

తర్కం_కావాలి (గురువారం, ఉదయం 8:30)

నాకు ఇంకా కుదరడం లేదు. పగలు దేని గురించి మధనపడతామో కలలు దాన్నే కొనసాగిస్తాయని పరిశోధకులే అంటారు, డామ్‌హాఫ్ లాంటివాళ్లు దశాబ్దాలుగా కల డైరీలు లెక్కగట్టి చెప్పిన మాట అది. అలాంటప్పుడు నిజమైన ఆకర్షణ కూడా కలలోకి రావాలి. ప్రేమలో ఉన్నవాళ్లు ప్రేమించినవాళ్ల గురించి కలలు కనరా? మీరు ఒకవైపే లాగుతున్నట్టుంది.

నిద్రశాల (గురువారం, రాత్రి 9:05)

వస్తుంది, కాదనను. కోరిక ఉంటే కల రావచ్చు. కల వస్తే కోరిక ఉందా అన్నది తిరగేసిన ప్రశ్న, దానికి జవాబు లెక్కలో ఉంది.

ఉజ్జాయింపుగానే వేద్దాం. రాత్రికి నాలుగు రెమ్ దశలు అనుకుంటే ఏడాదికి 1,460. ఒక్కోదానికి ఒక్క కలే వేసుకుందాం. కెనడాలో జాడ్రా సేకరించిన మూడువేల పైచిలుకు కల నివేదికల్లో సుమారు 8 శాతం శృంగారపరమైనవి. ఆ లెక్కన ఏడాదికి వంద దాటతాయి. మనం దాదాపు అన్నీ మరచిపోతాం. ఇన్ని నాటకాలకి పాత్రధారులు ఎక్కడినుంచి రావాలి? వారానికి మేలుకుని ఉండేది 112 గంటలు. రోజుకి తొమ్మిది గంటల చొప్పున ఐదు రోజులు ఆఫీసులో ఉంటే 45 గంటలు, అంటే మెలకువలో నాలుగో వంతు కంటే బాగా ఎక్కువ, దాదాపు నలభై శాతం. ఆ వంద వేషాల్లో కొన్ని ఆఫీసు ముఖాలకి దక్కకపోతేనే వింత. కోరిక అనే ప్రత్యేక కారణం లేకుండానే ఇవి వస్తాయి కాబట్టి, వచ్చిన ఒక్కదాన్ని పట్టుకుని కోరిక అని చెప్పలేం. మామిడల్లం గారి సామెతకి నా జవాబు, పుష్యమాసం పొద్దున్న పొలాల మీద కనబడేదంతా పొగ కాదు.

తర్కం_కావాలి (గురువారం, రాత్రి 9:33)

కెనడా డైరీల శాతాన్ని బ్యాంకు ఉద్యోగిని మీద వేయడం సాహసమే. అయినా తిరగేసిన ప్రశ్న అన్న మాట ఒప్పుకున్నా.

మామిడల్లం (గురువారం, రాత్రి 9:50)

పొగమంచు బాగుంది బాబూ. మరి ఉషాదేవి సంగతేమంటావు? అనిరుద్ధుణ్ణి కలలోనే చూసింది, చిత్రరేఖ బొమ్మ గీస్తే ఈయనే అంది, పెళ్లీ అయ్యింది.

నిద్రశాల (గురువారం, రాత్రి 9:58)

ఆమె అంతకుముందు ఆయన్ని చూడలేదండి, అదే తేడా. మనం పక్క కౌంటర్లో కూర్చున్నాయన గురించి మాట్లాడుతున్నాం.

నైట్‌షిఫ్ట్_నాని (శుక్రవారం, ఉదయం 6:40)

నాది కూడా చెప్పేస్తా. అమెరికా షిఫ్టు, ఐదింటికి పడుకుంటా. ఈ రకం కలలు నాకు వారానికి రెండు. టీములో దాదాపు అందరూ అయిపోయారు, మా మేనేజరుతో సహా, ఆయనకి యాభై రెండేళ్లు. ఇందాకటినుంచీ చదువుతూ నవ్వుకుంటున్నా.

నిద్రశాల (శుక్రవారం, ఉదయం 7:15)

నాని గారూ, ఐదింటికి పడుకుంటే రెమ్ నిద్రకి ఒళ్లు బాగా మొగ్గే వేళకి నిద్ర మొదలవుతుంది. అందుకే త్వరగా, ఎక్కువగా వస్తుంది. పగటి వెలుతురు, చప్పుళ్లకి మధ్యలో లేస్తుంటారు కాబట్టి గుర్తుంటాయి కూడా. మద్యం తాగి పడుకున్న రాత్రి రెండో సగంలో, డిప్రెషన్ మందులు అకస్మాత్తుగా మానేసిన రోజుల్లో కూడా ఇలాగే కలలు ఉప్పొంగుతాయి. మందుల సంగతైతే డాక్టరుని అడక్కుండా మానొద్దు.

క్యాష్‌కౌంటర్ (శుక్రవారం, మధ్యాహ్నం 2:05)

కారణం అర్థమైంది. ఇప్పుడేం చేయాలి? ఆయన ముందు ముఖం ఎత్తలేకపోతున్నా.

డల్లాస్_బావ (శుక్రవారం, మధ్యాహ్నం 2:30)

సరదాగా ఆయనకే చెప్పేయండి. 'అన్నయ్యా, కలలోకొచ్చి చంపేశావు' అని నవ్వేస్తే బరువు దిగిపోతుంది. అందరూ నవ్వుకుంటారు.

నిద్రశాల (శుక్రవారం, రాత్రి 8:20)

చెప్పొద్దు. మీకు దిగే బరువు ఆయన నెత్తిన పడుతుంది, వెగ్నర్ కోతి ఇప్పుడు ఆయనింటికి వెళుతుంది. ఇది చదివే మగవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పనిచేసే చోట మహిళలపై వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టంలో లైంగిక ధ్వని ఉన్న వ్యాఖ్యలు కూడా వేధింపు కిందే లెక్క. అవతలి వ్యక్తికి ఇష్టం లేకపోతే 'కల గురించే కదా, జోకు' అన్నది కమిటీ ముందు పనిచేయదు.

చేయాల్సింది ఇది. మంచం పక్కన చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోను వద్దు, తెర వెలగగానే వాట్సాప్ కనబడుతుంది, కల కరిగిపోతుంది. మెలకువ రాగానే కదలకుండా, కళ్లు తెరవకుండా ఒక నిమిషం ఉండి, ముందు భావం పేరు రాయండి. నిశ్చింతా, భయమా, పోటీయా, జాలా, కోరికా? కథ రాయడం మొదలుపెడితే భావం రంగు మారిపోతుంది, అందుకే అది ముందు. తర్వాత ఆ మనిషి ఏ ముక్కలుగా వచ్చాడో రాయండి, ముఖమా, గొంతా, పేరా, ఉత్త 'ఆయనే' అన్న ఎరుకా. ఆ తర్వాత నిన్న, మొన్న, ఇంకా ఐదు నుంచి ఏడు రోజుల కిందట ఆయనతో జరిగినవి. మొత్తం నాలుగైదు లైన్లు దాటొద్దు, పేజీలకి పేజీలు రాస్తే అదే మళ్లీ తలపోత అవుతుంది. పద్నాలుగు రోజులు. ఆయన రాని కలలు కూడా రాయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆయన మామూలు వేషంలో వచ్చినవాటిని మనం అసలు లెక్కపెట్టం, అక్కడే మోసపోతాం.

రాత్రి 'రాకూడదు' అనే ప్రార్థన ఆపండి. 'వస్తే రానీ' అని ఒక్కసారి అనుకుని, రేపటి పనులు ఒక కాగితం మీద రాసి పడుకోండి. లంచ్ టైము మళ్లీ పాతదానికే మార్చండి.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు, 'నాకేమైనా అనిపిస్తోందా' అని పరీక్షించుకోవడానికి ఆ మనిషి డీపీ, స్టేటస్ తెరిచి చూడటం. అది పరీక్ష కాదు, పడుకునే ముందు ఇంకో మోతాదు.

ఓరుగల్లు_పిల్ల (శుక్రవారం, రాత్రి 8:55)

మరి ఎవలకన్న నిజంగనే ఇష్టం ఉంటే ఎట్ల తెలుస్తది? అది గూడ చెప్పున్రి.

నిద్రశాల (శుక్రవారం, రాత్రి 9:30)

కలకి ముందు నెల చూసుకోవాలి. ఆ మనిషి రాని రోజు ఆఫీసు వెలితిగా ఉండేదా? పని లేకపోయినా ఆ సీటు వైపు నుంచి నడిచి వెళ్లేవారా? ఆయన మెసేజి వస్తే ఇంట్లో ఫోను బోర్లా పెట్టేవారా? ఇవి కలకి ముందునుంచే ఉంటే, కల రాకపోయినా ఇష్టం ఉన్నట్టే. కల తర్వాతే మొదలైతే అది చాలావరకు కాపలా పని. కల తర్వాత ఆయన్ని చూస్తే గుండె దడదడలాడటాన్ని ఆధారంగా తీసుకోవద్దు, సిగ్గుకీ భయానికీ కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది.

అయితే నేను కూడా గట్టిగా చెప్పలేనిది ఒకటుంది. ముందునుంచీ లేని ఇష్టం, కల గురించి పదేపదే తలపోయడం వల్ల పుట్టుకురాగలదా? నా ఊహ, కొందరిలో రావచ్చు.

తర్కం_కావాలి (శుక్రవారం, రాత్రి 9:48)

వస్తుందనే నా అనుమానం. 2009లో మోర్‌వెజ్, నార్టన్ చేసిన పనిలో అమెరికా, దక్షిణ కొరియా, ఇండియా మూడు దేశాల విద్యార్థుల్లోనూ ఎక్కువమంది కలలో దాగిన నిజం ఉంటుందనే నమ్మారు. అంత నమ్మకం పెట్టుకుని వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది.

మామిడల్లం (శుక్రవారం, రాత్రి 10:10)

మొగుడికి చెప్పాలా వద్దా, అది తేల్చండి ముందు. దాచితే అదో పాపం.

నిద్రశాల (శుక్రవారం, రాత్రి 10:31)

ఇది ఇంటింటికీ మారుతుంది. నాకు తెలిసింది ఒక్కటే. అమెరికాలో సెల్టర్‌మన్ బృందం 2014లో జంటల కలల్ని, మర్నాటి నడతని పక్కపక్కన పెట్టి చూసింది. కలలో అసూయ పడ్డవాళ్లు మర్నాడు భాగస్వామితో ఎక్కువ గొడవపడ్డారు. కలలో మోసం కనిపిస్తే తర్వాతి రోజుల్లో దగ్గరితనం తగ్గింది. కల మిగిల్చిన చిరాకో అపరాధభావమో పొద్దున్న కాఫీ దాకా వస్తుందన్నమాట. అందుకని చెప్పేదైనా లేచిన గంటలో చెప్పకండి.

చరకం_చాలు (శుక్రవారం, రాత్రి 10:44)

నేనైతే చెప్పొద్దంటా. 'గొంతు నీదే' అన్న ముక్క ఏ మొగుడూ వినడు, మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాడు.

మామిడల్లం (శుక్రవారం, రాత్రి 10:50)

మా ఇంట్లో అయితే చెప్పాల్సిందే.

క్యాష్‌కౌంటర్ (పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 9:15)

పద్నాలుగు రోజులు రాశాను. పొద్దున్న గుర్తున్న కలలు పదకొండు. ఆయన మూడింటిలో వచ్చారు. ఒకదాంట్లో బస్సు కండక్టరు, చిల్లర లేదని నన్ను దింపేశారు. ఇంకోదాంట్లో మా మేనేజరుతో కలిసి ఎవరిదో పెళ్లిలో వడ్డిస్తున్నారు. ఇదివరకు ఇలాంటివి వచ్చి ఉంటే గుర్తు కూడా ఉండేవి కావు. మూడోది ఐదో రోజున వచ్చింది, పాతదానిలాగే, కాకపోతే పొట్టిగా. భావం దగ్గర 'నిశ్చింత' అనే రాశాను. ఆ ముందు రోజు ఆడిట్ ప్రశ్నలకి జవాబులు మేమిద్దరం కలిసే పంపాం. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఆ వేషంలో రాలేదు.

లంచ్ మళ్లీ ఒంటిగంటకే. మావారికి ఇంకా చెప్పలేదు. కలకి ముందు నెల గురించి మీరడిగిన ప్రశ్నలకి అన్నిటికీ 'లేదు' అనే వచ్చింది. ఆయన సెలవు పెట్టిన రోజు మాత్రం ఆఫీసు కొంచెం వెలితిగానే ఉండేది, అది దేనికిందికి వస్తుందో తెలియడం లేదు.

నిద్రశాల (అదే రోజు, రాత్రి 9:40)

మిగతావాళ్లు సెలవు పెట్టినప్పుడు కూడా అలా ఉండేదా? వచ్చే వారం ఎవరో ఒకరు సెలవు పెడతారుగా, అప్పుడు చూసి రాయండి.

నైట్‌షిఫ్ట్_నాని (అదే రోజు, రాత్రి 11:58)

మా మేనేజరు ట్రాన్స్‌ఫర్ అయ్యారు. నిన్న కూడా వచ్చారు.